విధవరాలి రెండు కాసులు: ప్రసంగాన్ని జర్నల్ వ్యాసంగా మార్చే పని, ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

కందుకూరు వైపు ఒక సంఘానికి కాపరిగా ఉన్న నా పాత విద్యార్థి, సెమినరీ చాపెల్‌లో చేసిన ప్రసంగం రాతప్రతి ఇచ్చి వెళ్ళాడు. వేదాంత పత్రికకు పంపే వ్యాసంగా మార్చాలట. రాయడం ఆయన పని, ఎడిటింగ్ నాది. ఒంగోలులో మా ఇంట్లో శనివారాలు కూర్చోవాలని అనుకున్నాం.

వాక్యభాగం మార్కు 12:41-44. యేసు కానుకపెట్టె ఎదుట కూర్చుని చూస్తుంటాడు. ధనవంతులు చాలా వేస్తారు. బీద విధవరాలు ఒకామె రెండు కాసులు వేస్తుంది. ఆయన శిష్యుల్ని పిలిచి, అందరికంటే ఈమే ఎక్కువ వేసింది, వాళ్ళు మిగిలినదానిలోంచి వేశారు, ఈమె తన జీవనమంతా వేసింది అంటాడు. మన వైపు కోత పండుగ వచ్చిందంటే ఈ భాగం మీద ప్రసంగం ఖాయం. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్ళు బలిపీఠం ముందు పెట్టి, ఆ విధవరాలిలా ఇవ్వండి అంటారు.

ఈయన దానికి ఎదురు తిరిగాడు. యేసు ఆమెను మెచ్చుకోలేదు, ఆమెను ఆ స్థితికి తెచ్చిన దేవాలయ వ్యవస్థను చూసి బాధపడ్డాడు అన్నాడు. చాపెల్‌లో పిల్లలు నిశ్శబ్దంగా విన్నారట. వింటారు మరి, మంచి ప్రసంగమే. వ్యాసంగా మాత్రం ఇప్పటికి నిలబడదు.

మొదటి శనివారం ప్రసంగాన్ని దిద్దలేదు. ఎర్ర పెన్ను పట్టుకోకుండా, ఇందులో ఆయన నిజంగా ఏం వాదిస్తున్నాడో ఒక కాగితం మీద రాశాం. ఉపమానాలు, పాట చరణాలు, ‘ప్రియులారా’లు తీసేస్తే నాలుగు మాటలు మిగిలాయి. యేసు ఆమెను మెచ్చుకోలేదు. ధర్మశాస్త్రం బోధించే శాస్త్రులు మింగేసిన విధవరాళ్ళ ఇళ్ళలో ఈమె ఇల్లు ఒకటి. అందుకే దేవాలయం కూలుతుందని యేసు చెప్పాడు. కాబట్టి సంఘాలు బీద విధవరాళ్ళ దగ్గర చందా తీసుకోకూడదు.

ప్రసంగంలో ఈ నాలుగూ ఒకే ఊపులో వెళ్ళిపోతాయి. విడివిడిగా రాసి చూస్తే ఒక్కొక్కదాని బలం ఒక్కో రకంగా ఉంది. మొదటిది వాక్యం చెప్పనిదాన్ని బట్టి చేసిన వాదన. రెండోది ఊహ. మూడోదానికి కారణం మార్కులో ఎక్కడా రాసి లేదు. నాలుగోది అసలు మార్కు గురించిన మాట కాదు, అన్వయం. నాలుగూ ఒకే స్వరంతో చెబితే, రివ్యూ చేసేవాళ్ళు అన్నిటికంటే బలహీనమైనదాన్ని పట్టుకుని మిగతా మూడింటినీ దాంతోపాటు కొట్టేస్తారు.

“సార్, నాలుగోది లేకపోతే నేను చెప్పేదేముంది?” అన్నాడు.

“ఉంటుందయ్యా, చివర్లో ఉంటుంది. ముందు మొదటి మూడూ నిలబడాలి గదా.”

జూన్, మూడో వారం

చదవాల్సినవి తెచ్చుకున్నాం. ఈ వాదన కొత్తది కాదు. అడిసన్ రైట్ 1982లోనే కాథలిక్ బిబ్లికల్ క్వార్టర్లీలో, ఇది మెప్పా, విలాపమా అని అడుగుతూ వ్యాసం రాశాడు. ఈ కథకు ముందు శాస్త్రులు విధవరాళ్ళ ఇళ్ళు మింగుతారని (12:40) ఉంది, వెనక రాయి మీద రాయి నిలవదని (13:1-2) ఉంది, ఈ రెంటి మధ్యలో పెట్టి చదివితే మెప్పు కనబడదు అన్నాడు. మన పాస్టరు గారి ప్రసంగంలో ఉన్నది దాదాపు ఇదే. ఆయనకిది ఎక్కడిదో తెలియదు, క్లాసులో ఎవరో చెప్పగా నోట్సులో రాసుకున్నాడు. పల్పిట్ మీద అది చెల్లుతుంది. పత్రికలో చెల్లదు. రైట్ పేరు మొదటి పేజీలోనే రావాలి, వచ్చాక “మరి నువ్వు చేర్చిందేమిటి?” అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి.

1991లో అదే పత్రికలో ఎలిజబెత్ స్ట్రదర్స్ మాల్బన్ వ్యాసం వచ్చింది. ఒక్క సందర్భాన్ని పట్టుకుని చదివితే చాలదని ఆమె వాదన. 13వ అధ్యాయానికి ముందు ఈ విధవరాలు, దాని తర్వాత 14లో యేసు తల మీద అత్తరు పోసిన స్త్రీ, ఇద్దరూ ఆ అధ్యాయానికి రెండు పక్కలా నిలబడ్డారు. తనకున్నదంతా ఇచ్చిన ఆమెలో, ప్రాణం ఇవ్వబోతున్న యేసు నీడ కూడా ఉంది అంటుంది. ఇది చదివాక మా పాస్టరు గారికి కాస్త టెన్షన్ పట్టుకుంది. “ఈవిడ నా ప్రసంగాన్ని పడగొట్టింది సార్” అన్నాడు. పడగొట్టలేదు. ‘మెచ్చుకోలేదు’ అని అడ్డంగా తేల్చిచెప్పే దారి మూసేసింది, అంతే. ఎదుటివాదం ఇంత బలంగా ఉన్నచోటే మన వాక్యాలు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాయి.

జూలై మొదట్లో

మొదటి మాటతో మొదలుపెట్టాం: యేసు ఆమెను మెచ్చుకోలేదు.

వాక్యంలో మెప్పు లేదు, నిజమే. తప్పు పట్టడమూ లేదు. మౌనం నుంచి వాదన లాగాలంటే ఒక షరతు ఉంది. ఆ రచయిత ఇలాంటి చోట మామూలుగా మాట్లాడేవాడై ఉండాలి. అప్పుడే ఇక్కడ మాట్లాడకపోవడానికి బరువు వస్తుంది. అందుకని మార్కులో యేసు ఒక మనిషి చేసిన పనిని చూసి ఏమంటాడో వరసగా తిరగేశాం. 5:34లో రక్తస్రావం ఉన్న స్త్రీతో, నీ విశ్వాసం నిన్ను బాగుచేసింది అంటాడు. 10:52లో బర్తిమయితోనూ అదే మాట. 14:6లో అత్తరు పోసిన స్త్రీ మంచి పని చేసిందని నేరుగా చెబుతాడు, ఆమె చేసింది లోకమంతా చెప్పుకుంటారని కూడా కలుపుతాడు. విధవరాలి విషయంలో ఇలాంటి మాట ఒక్కటీ లేదు. లూకా 10:37లో మంచి సమరయుని కథ చివర ఉన్నట్టు, నువ్వూ వెళ్ళి అలాగే చెయ్ అనే ఆజ్ఞా లేదు. ఇప్పుడు మౌనానికి కాస్త బరువు వచ్చింది.

ఇక రెండో వైపు. యేసు శిష్యుల్ని దగ్గరికి పిలిచి, నిశ్చయంగా మీతో చెబుతున్నాను అని మొదలుపెట్టాడు. మార్కులో 8:34లోనూ 10:42లోనూ ఆయన అలా పిలిచినప్పుడు వచ్చేది శిష్యత్వం గురించిన బోధ. పైగా ‘అందరికంటే ఎక్కువ’ అన్నది మెప్పు కాకపోతే ఏమిటి అని ఎవరైనా అడుగుతారు. ఈ రెండూ వ్యాసంలో ఉండాలి, అదీ ఫుట్‌నోట్‌లో కాదు, అసలు పాఠంలో. దాచిపెడితే రివ్యూయరే బయటకు లాగుతాడు.

మొదటి మాట మారిపోయింది. “యేసు ఆమెను మెచ్చుకోలేదు” పోయి, “ఆమె త్యాగాన్ని యేసు గుర్తించాడు, కానీ దాన్ని అనుసరించమని మార్కు అడగడు” అయింది. పాస్టరు గారికి ఇది నీరసంగా అనిపించింది. చాపెల్‌లో ఇలా చెప్పుంటే ఎవరూ తలెత్తి చూసేవాళ్ళు కాదన్నాడు. నిజమే, చూడరు. కానీ దీన్ని కొట్టడం కష్టం.

జూలై రెండో సగం

రెండో మాట: ఈ విధవరాలి ఇల్లు కూడా శాస్త్రులు మింగిందే. మార్కు అలా అనలేదు. 12:40లో విధవరాళ్ళున్నారు, 12:42లో ఒక విధవరాలు వచ్చింది. మధ్యలో ఉన్నది ఇరుగుపొరుగు సంబంధం మాత్రమే. ఇరుగుపొరుగు నుంచి అర్థం తీయాలంటే, మార్కుకు అలా పక్కపక్కన పెట్టి చెప్పే అలవాటుందని ముందు చూపించాలి. ఉంది. 5వ అధ్యాయంలో యాయీరు కూతురి కథ మధ్యలో రక్తస్రావం ఉన్న స్త్రీ కథ దూరుతుంది. 11వ అధ్యాయంలో అంజూరపు చెట్టును శపించడం, అది ఎండిపోవడం, ఈ రెంటి మధ్యలో దేవాలయంలో బల్లలు తిరగదోయడం. రెండో ఉదాహరణే మనకు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడా విషయం దేవాలయమే. విధవరాలి కథ అచ్చంగా ఆ నమూనాలో లేదని కూడా అదే పేరాలో రాయించాను. ఇది ఒక కథ మధ్యలో దూరిన కథ కాదు, వరసగా వచ్చిన కథ. తేడా చెప్పకపోతే నమూనా మీదున్న నమ్మకం పోతుంది.

ఇక్కడే ఆయన ప్రసంగంలో లేని ఒక చక్కటి ఆధారం దొరికింది. 12:41లో యేసు కానుకపెట్టె ఎదుట కూర్చున్నాడు. 13:3లో ఒలీవల కొండ మీద దేవాలయం ఎదుట కూర్చున్నాడు. మధ్యలో దేవాలయం కూలుతుందన్న మాట. ఒకే భంగిమ రెండుసార్లు రావడంతో కథ నేరుగా అటువైపు నడుస్తుంది. అధ్యాయాల గీత అక్కడ పడింది కాబట్టి మనకు కనబడదు. ఆ విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్‌తో వచ్చింది, మార్కు పెట్టింది కాదు. లూకాలోనైతే ఇంకా అన్యాయం: శాస్త్రులు విధవరాళ్ళ ఇళ్ళు మింగడం 20వ అధ్యాయం చివరి వచనం, విధవరాలి కథ 21 మొదట్లో. ఒక ఆదివారం ఒకటి, ఇంకో ఆదివారం ఇంకొకటి చదువుకుంటూ పోతే రెండూ ఎప్పుడూ కలవవు.

మూడో మాట, ‘అందుకే దేవాలయం కూలింది’, అలా ఉండనివ్వలేదు. 13:1-2లో కారణం లేదు. ‘అందుకే’ స్థానంలో ‘దాని వెంటనే’ పెట్టాం. ఈ మార్పు మీద ఆయన చాలాసేపు వాదించాడు, నేను ఒప్పుకోలేదు.

ఆగస్టు

అసలు చిక్కు ఇప్పుడు. రైట్ చెప్పింది రైట్‌ది, మాల్బన్ చెప్పింది మాల్బన్‌ది. ఈయనది ఏది?

ప్రసంగం ఏడో పేజీలో ఒక మూల చిన్న వాక్యం ఉంది: “ధనవంతుడైన యువకుణ్ణి యేసు అమ్మి దేవాలయానికి ఇమ్మనలేదు, బీదలకు ఇమ్మన్నాడు.” ఆయన దాన్ని చెప్పేసి వెళ్ళిపోయాడు. వ్యాసం మొత్తం దాని మీద నిలబెట్టొచ్చు అనిపించింది. 10:21లో అంతా ఇచ్చెయ్యమన్న ఆజ్ఞ ఉంది కాబట్టే విధవరాలిది మెప్పు అని ఎదుటిపక్షం చెప్పే బలమైన వాదన. దానికి ఈ వాక్యమే జవాబు. మార్కులో ఎంత ఇచ్చారన్నదానితో పాటు, ఆ ఇచ్చింది ఎటు వెళ్తోంది అన్నది కూడా చూడాలి. 10:21లో ఉన్నవాడి నుంచి బీదవాళ్ళ వైపు వెళ్తుంది. 7:9-13లో కొర్బాను అని పేరు పెట్టి తల్లిదండ్రులకు అందాల్సింది దేవుని పేరున పక్కకు పోతుంది, యేసు దాన్ని గట్టిగా తప్పుపట్టాడు. 12:42లో బీదరాలి నుంచి దేవాలయం వైపు వెళ్తోంది. అంటే ఇది 10:21కి దగ్గర కాదు, 7:11కి దగ్గర.

బాగుంది అనుకుని రాసుకున్నాక, దీన్ని నేనే పడగొట్టడానికి కూర్చున్నాను. ఎడిటర్ చెయ్యాల్సింది అదే. 1:44 అడ్డం వచ్చింది. కుష్ఠరోగిని బాగుచేశాక, వెళ్ళి యాజకుడికి కనబడి మోషే చెప్పిన కానుక ఇవ్వమని యేసే చెప్పాడు. అంటే దేవాలయానికి పోయే కానుకంతా మార్కుకు చెడ్డది కాదు. 14:5 ఇంకొకటి. ఆ అత్తరు అమ్మి బీదలకు ఇవ్వొచ్చు గదా అని సణిగినవాళ్ళను యేసు ఆపాడు, అక్కడ దిశ బీదల వైపు లేదు.

అక్కడే రెండు శనివారాలు ఆగిపోయాం. చివరికి థీసిస్ ఇంకా చిన్నదైంది: ఒక మనిషి బతుకుతెరువును, లేదా ఆ మనిషి మీద ఆధారపడినవాళ్ళ బతుకుతెరువును తీసుకునే కానుకను మార్కు సువార్త ఎక్కడా ఆదర్శంగా నిలబెట్టదు. 1:44 దీనికి అడ్డం కాదు, ఆ కానుక వల్ల ఎవరూ దిక్కులేనివాళ్ళు కాలేదు. 14:3-9 కూడా అడ్డం కాదు, అత్తరు పోసిన ఆమె బీదరాలని మార్కు చెప్పలేదు, తర్వాత ఆమెకు ఏం మిగిలిందో చెప్పలేదు. ధనవంతుడి సంగతో? అతడిని అంతా అమ్మమన్నాడు గదా, అది బతుకుతెరువు కాదా అని ఎవరైనా అడగొచ్చు. దానికి జవాబు సగమే ఉంది: 10:30లో ఇళ్ళు, అన్నదమ్ములు, తల్లులు నూరంతలుగా దొరుకుతాయన్న మాట, అంటే అతన్ని చేర్చుకునే ఒక సమూహం ఉంది. విధవరాలికి అలాంటిది కథలో లేదు. ఈ జవాబు సగమేనని వ్యాసంలో స్పష్టంగా రాయించాను. కొత్తగా కనిపెట్టాం అని మాత్రం రాయొద్దన్నాను. ఈ దిశ గురించి ఇంకెవరైనా రాశారేమో వెతికి, ఉంటే పేరు చెప్పి, లేకపోతే ఊరుకోవాలి.

ఆగస్టు చివర

ఒక పేరా ఎలా మారిందో ఇక్కడ పెడుతున్నాను. ప్రసంగంలో ఇలా ఉంది:

“ప్రియులారా! గలగలమని ధనవంతుల డబ్బు మోగుతోంది. బాకా ఆకారంలో ఉన్న పెట్టెల్లో ఆ శబ్దం వినండి! ఆ మోతలో పైసా విలువ కూడా లేని రెండు కాసులు ఎవరికి వినబడతాయి? యేసుకు వినబడ్డాయి. ఆయన గుండె మండింది!”

ఇందులో నాలుగు సమస్యలు. దేవాలయంలో బాకా ఆకారపు పెట్టెలు 13 ఉండేవని మిష్నా చెబుతుంది, కానీ అది సుమారు క్రీ.శ. 200లో కూర్చిన యూదుల నియమాల గ్రంథం. దాన్ని మార్కు సాక్ష్యంలా వాడకూడదు. మోత సంగతి ఎక్కడా లేదు. ‘గుండె మండింది’ కూడా లేదు. పైసా లెక్క అసలే తప్పు. రెండు కాసులు క్వాడ్రన్స్ అనే ఒక రోమా నాణెం అని మార్కే చెప్పాడు. దేనారంలో 64 క్వాడ్రన్సులు. మత్తయి 20:2 ప్రకారం దేనారం రోజు కూలి. ఇవాళ కూలి 500 రూపాయలనుకుంటే ఆమె వేసింది ఎనిమిది రూపాయల లోపు. టీ ఖర్చు కూడా రాదు, కానీ సున్నా కాదు. వ్యాసంలో ఇలా అయింది:

“కానుక విలువను మార్కు స్వయంగా రోమా నాణెంలో చెబుతున్నాడు (12:42). అది రోజు కూలిలో 64వ వంతు. అందువల్ల ‘అందరికంటే ఎక్కువ’ అన్న మాట నాణెం విలువ గురించినది కాదు. ఇచ్చినవారికి ఏం మిగిలిందన్నదాని గురించినది. ఆమెకు ఏమీ మిగల్లేదు (12:44). ఆ మిగలకపోవడం ఆదర్శమా, ఆరోపణా అన్నది ఈ నాలుగు వచనాల్లోనే తేలదు. 12:38 నుంచి 13:3 వరకు చదివితే రెండోదానికి ఆధారం ఎక్కువ.”

‘ఆధారం ఎక్కువ’ అన్న చోట ఆయన ‘స్పష్టం’ అని రాశాడు. మార్చాను.

సెప్టెంబరు

స్థానిక చరిత్ర ముక్క గురించి గొడవ. ప్రసంగం చివర ఆయన 1876-78 కరువును తెచ్చాడు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ పనిలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించడం, కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపడం, తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. మన జిల్లా వాళ్ళకు ఈ అంకె నోటికొచ్చు. దాన్నుంచి ఆయన తీసిన నీతి: ముందు తిండి పెట్టారు, చందా అడగలేదు.

పల్పిట్ మీద బ్రహ్మాండంగా ఉంటుంది. వ్యాసంలో ఇది మార్కు అర్థానికి ఆధారం కాదు, 1878లో జరిగింది మొదటి శతాబ్దపు పుస్తకం గురించి ఏమీ రుజువు చెయ్యదు. అలాగని పూర్తిగా తీసెయ్యబుద్ధి కాలేదు. చివరి విభాగం అన్వయానిదే, ఇక్కడి సంఘాలు కానుకను ఎలా ఊహించుకుంటాయన్నది అక్కడ మాట్లాడొచ్చు. ఒక పేరా ఉంచాం. ‘చందా అడగలేదు’ అన్నదానికి ఆయన దగ్గర ఆధారం లేదు కాబట్టి ఆ వాక్యం పోయింది.

తన సంఘంలో ఒక పెద్దావిడ చెవి కమ్మలు తీసి కోత పండుగకు ఇచ్చిన కథ కూడా ప్రసంగంలో ఉంది. ఆమెను ఊళ్ళో అందరూ గుర్తుపడతారు. ఆమెను అడిగావా అంటే అడగలేదన్నాడు. తీసేశాం. అడిగినా తీసేయించేవాణ్ణి, ఎందుకంటే ఆ కథ వాదనకు ఏమీ చెయ్యదు, చదివేవాళ్ళను ఏడిపిస్తుంది. పిడికెడు బియ్యం గురించి రెండు వాక్యాలు పెట్టాం: వంటకు తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు సంఘానికి పక్కన పెట్టే అలవాటులో, ఇంటికి వండుకోవడానికి మిగులుతుంది. మా థీసిస్‌కు అది పనికొచ్చే పోలిక. కోత పండుగ ప్రసంగాలన్నీ విధవరాలిని ఇలాగే వాడతాయని రాసిన వాక్యాన్ని ‘తరచుగా’ అని కూడా మార్చనివ్వలేదు. ఎన్ని ప్రసంగాలు చూశాడో, ఏవి చూశాడో చెప్పి, వాటి గురించి మాత్రం మాట్లాడమన్నాను. సెమినరీ లైబ్రరీలో ఉన్న తెలుగు ప్రసంగ సంపుటాలు తిరగేసి ఒక ఫుట్‌నోట్ తయారుచేస్తున్నాడు.

నాలుగో మాట, చందా తీసుకోకూడదన్నది, ఇప్పుడు ఇలా ఉంది: ఈ భాగాన్ని బీదవాళ్ళ దగ్గర కానుక అడగడానికి వాడే ప్రసంగికుడు, దాని ముందున్న 12:40ని కూడా చదివి తీరాలి. ఆయన కోపం ఇంకా ఇందులో ఉంది.

అక్టోబరు మొదట్లో

ఫార్మాటింగ్. పత్రికలో పేర్లు తెలియకుండా రివ్యూ చేస్తారు కాబట్టి ‘మన చాపెల్‌లో’, ‘నా సంఘంలో’, ‘మా గురువు గారు’ అన్నీ వెతికి తీశాం. ‘నేను గతంలో చెప్పినట్టు’ అన్నది కూడా. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆయన పేరు, ఆయన బావమరిది కంప్యూటర్ పేరు ఉన్నాయి. Document Inspector నడిపి తీసేశాం. అబ్‌స్ట్రాక్ట్ చివర రాశాం. ముందే రాసుంటే ‘మెచ్చుకోలేదు’ అన్న పాత వాదనే అందులో ఉండిపోయేది. వచన సంఖ్యలన్నీ బైబిలు పక్కన పెట్టుకుని ఆయన పైకి చదివితే నేను టిక్కు పెట్టాను. 14:6 ఒక చోట 14:8 అయింది.

మిగిలింది ఆ ప్రసంగ సంపుటాల ఫుట్‌నోట్, 10:30 మీద ఇంకో పేరా. పాస్టరు గారు వచ్చే శనివారం సింగరాయకొండలో ఒక పెళ్ళికి వెళ్తున్నారు, అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుంటాం.